నీళ్ల ట్యాంకు పంచాయతీ చేతికి వచ్చే ముందు

ఒక ఊరికి కొత్తగా ఓవర్‌హెడ్ ట్యాంకు, పైపులైను, ఇంటింటికీ కుళాయి వచ్చాయనుకుందాం. గ్రామీణ నీటి సరఫరా శాఖ పని ముగించి పథకాన్ని పంచాయతీకి ఇచ్చేటప్పుడు రాసేదే ముగింపు నివేదిక. ఏం కట్టారు, ఎంతయింది, ఏం మిగిలింది, ఇకపై ఎవరు నడుపుతారు అన్న ప్రశ్నలకు ఇందులో జవాబు ఉండాలి.

మొదట అంగీకారం. కట్టడం పూర్తవడం వేరు, పరీక్షలో నెగ్గడం వేరు. ట్యాంకును నింపి, కాంక్రీటు పీల్చుకోవాల్సిన నీరు పీల్చుకునేందుకు ఏడు రోజులు వదిలేస్తారు. ఆ తర్వాత మరో ఏడు రోజులు గమనిస్తారు. బయటి గోడలపై చెమ్మ కనిపించకపోతేనే ట్యాంకు నెగ్గినట్టు. నివేదికలో ‘ట్యాంకు పూర్తయింది’ అని మాత్రమే ఉండి పరీక్ష తేదీలు లేకపోతే అనుమానించాల్సిందే.

ఎక్కువ పొరపాట్లు లెక్కల్లోనే దొర్లుతాయి. మంజూరైంది 80 లక్షలు. ఎం బుక్‌లో నమోదైన కొలతల ప్రకారం కాంట్రాక్టరు పని విలువ 74 లక్షలు. అందులో 5 శాతం, అంటే 3.7 లక్షలు పూచీగా ఆపి 70.3 లక్షలు చెల్లించారు. కరెంటు కనెక్షన్‌కు మరో 2 లక్షలు కట్టారు. పైపుల కోసం తవ్విన రోడ్డును వేరే మనిషి పూడ్చాడు, అతని 1.5 లక్షల బిల్లు ఇంకా రాలేదు. చెల్లించిన డబ్బే ఖర్చు అనుకుంటే 72.3 లక్షలు కనిపిస్తుంది. అసలు ఖర్చు 77.5 లక్షలు. తేడా 5.2 లక్షలు. మిగులు 7.7 లక్షలని మురిసి వేరే పనికి మళ్లిస్తే, రేపు రోడ్డు బిల్లుకూ పూచీ సొమ్ముకూ నిధులు వెతుక్కోవాలి.

ఊరి చివర పది ఇళ్లకు నీరు సరిగా ఎక్కడం లేదనుకుందాం. దాన్ని ‘చిన్న లోపాలు సవరిస్తారు’ అని రాయడం మన కార్యాలయాల పాత అలవాటు. అలాంటి వాక్యానికి ఎవరూ జవాబుదారీ కారు. ఏ వీధి, ఏ వాల్వు దగ్గర ఇబ్బంది, ఎవరు ఎప్పటిలోగా సరిచేస్తారు, ఖర్చు ఎవరిది అన్నవి రాయాలి. లోపాల బాధ్యత గడువు ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుందో కూడా ఉండాలి. పూచీ సొమ్ము ఆ గడువు దాకా ఆపేది ఇందుకే.

చివరిది అప్పగింత. తాళాలు ఇస్తే సరిపోదు. పైపులు నిజంగా వెళ్లిన దారి, వాల్వులున్న చోట్లు చూపే పటం కావాలి. అంచనా నాటి పటం పనికిరాదు, ఎందుకంటే తవ్వేటప్పుడు దారి మారుతుంది. మోటారు వారంటీ కాగితం, క్లోరిన్ కలపడం నేర్చిన ఆపరేటరు, అతని జీతం ఎక్కడి నుంచో తెలిపే పంచాయతీ తీర్మానం కూడా ఉండాలి. కరెంటు మీటరు పేరు మారిన తేదీనీ నివేదికలో రాయాలి. ఆ తేదీ నుంచి బిల్లు పంచాయతీదే.