ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం 86 శాతం: నమ్మొచ్చా?

పెళ్లి వీడియోలో, ఇంటి దస్తావేజుల స్కాన్‌లో పాత ఎస్‌ఎస్‌డీలో దాచే ముందు చాలామంది క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి, శాతం చూసి ఊరుకుంటారు. ఆ శాతం అరుగుదలను మాత్రమే చెబుతుంది.

ఎస్‌ఎస్‌డీలో సమాచారం ఉండేది ఫ్లాష్ సెల్స్‌లో. చెరిపి రాసిన ప్రతిసారీ సెల్ కొంచెం అరుగుతుంది. అందుకే కంపెనీలు టీబీడబ్ల్యూ అనే హద్దు ప్రకటిస్తాయి. శాంసంగ్ 970 ఈవో ప్లస్ 1 టీబీకి అది 600 టీబీ. 5 ఏళ్లు గానీ, 600 టీబీ రాతలు గానీ, ఏది ముందు వస్తే అక్కడితో వారంటీ సరి. ఆ హద్దు దాటగానే డ్రైవ్ ఆగిపోవాలనేమీ లేదు.

అలాంటి డ్రైవ్‌ను 900 రోజులు వాడాక స్మార్ట్ నివేదిక ఇలా ఉందనుకుందాం:

```
Available Spare: 100%
Percentage Used: 14%
Data Units Written: 70,312,500 [36.0 TB]
Media and Data Integrity Errors: 0
```

600లో 36 అంటే 6 శాతమే. మరి 14 ఎందుకు చూపిస్తోంది? మనం చిన్న ఫైల్ మార్చినా, డ్రైవ్ లోపల పెద్ద బ్లాకులను ఖాళీ చేసి, అందులోని పాత డేటాను మరోచోట తిరిగి రాయాల్సి వస్తుంది. డిస్క్ నిండుగా ఉంటే ఈ అదనపు రాతలు పెరుగుతాయి. కాబట్టి లెక్కకు 14నే తీసుకోవాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో దాన్నే తిప్పి 86 అని చూపిస్తుంది. ఇదే వేగంతో వాడితే మిగిలినది అరగడానికి సుమారు 15 ఏళ్లు పడుతుంది.

అంటే ఈ డ్రైవ్ పోతే, బహుశా అరుగుదల వల్ల కాదు. నేనైతే ముందు చివరి వరుస చూస్తాను. అక్కడ సున్నా కాక మరే అంకె ఉన్నా, అది వారం వారం పెరుగుతున్నా, ఆరోగ్యం 99 శాతమైనా సరే, అందులో ముఖ్యమైనవి ఉంచను. చెడిన బ్లాకుల స్థానంలో వాడే నిల్వను Available Spare చెబుతుంది. 100 నుంచి జారుతుంటే డ్రైవ్ మార్చే సమయం దగ్గరపడినట్టే.

కొన్ని చావులు ఈ వరుసల్లో కనబడవు. 2019లో హెచ్‌పీఈ తన కొన్ని సర్వర్ ఎస్‌ఎస్‌డీల ఫర్మ్‌వేర్‌లో లోపం ఉందని ప్రకటించింది. సరిచేయకపోతే 32,768 గంటలు నడిచాక డ్రైవ్ పోతుంది, డేటా తిరిగి రాదు. ఒకేసారి బిగించినవి దాదాపు ఒకేసారి పోతాయి. అందుకే రెండో కాపీ అదే మోడల్ మీద ఉంచకూడదు; వేరే కంపెనీ డ్రైవో, హార్డ్ డిస్కో వాడాలి.

బాగా అరిగిన ఎస్‌ఎస్‌డీని బీరువాలో పెట్టి మరిచిపోవడమూ ప్రమాదమే. రాతల హద్దు పూర్తయ్యాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఒక ఏడాది డేటా నిలపాలన్నది ఇంటి వాడకపు డ్రైవ్‌లకు జెడెక్ ప్రమాణం. వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. మన ఎండాకాలంలో గది 30 డిగ్రీల దగ్గర ఆగదు.