రెండు పనులు, ఒక్క పరిచయం

వారమంతా మందుల కంపెనీలో ఉద్యోగం, సెలవుల్లో పచ్చళ్ల వ్యాపారం. అలాంటి ఆవిడ ‘ఉద్యోగిని, వ్యాపారిని, వంటంటే ఇష్టం’ అని రాసుకుంటే ఏదీ గుర్తుండదు. రెండింటినీ కలిపేదాన్ని పట్టుకోవాలి. ఇక్కడ అది నాణ్యత.

‘హైదరాబాద్‌లో ఓ మందుల కంపెనీలో 8 ఏళ్లుగా నాణ్యత పరీక్షలు చేస్తున్నాను. అదే శ్రద్ధతో వారాంతాల్లో ఆవకాయ, గోంగూర పెట్టి అమ్ముతున్నాను.’

చూడండి, రెండో వాక్యానికి మొదటిది పూచీ పడుతోంది. ‘వారాంతాల్లో’ అన్న మాటతో యాజమాన్యం అనుమానమూ తీరుతుంది. కొనేవాళ్లు చదివే చోట మాత్రం పచ్చడి ముందు రావాలి, ఉద్యోగం తర్వాత.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం వ్యాపారానికి ముందస్తు అనుమతి ఉండాలి. ప్రైవేటులోనైనా సరే, పరిచయం రాసేముందు మీ నియామక పత్రం ఒకసారి చదవండి.