మేడ మీది గదికి ఏ కప్పు?

మేడ మీద గదికి కప్పు వేసేటప్పుడు ముందు మందం చూడాలి. 0.5 మిల్లీమీటర్ల ఇనుప రేకు ఎండ తగలగానే కాలిపోతుంది, చినుకు పడితే డప్పులా మోగుతుంది. పొద్దుగూకితే త్వరగా చల్లారుతుంది కూడా. 6 మిల్లీమీటర్ల సిమెంటు రేకుకు మోత తక్కువే గానీ, పీల్చిన వేడిని చీకటి పడ్డాకా వదులుతూనే ఉంటుంది. పైగా పెళుసు, కోతులు దూకితే చీలుతుంది. ఆస్‌బెస్టాస్ కలిసిన పాత రేకునైతే కోయకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

మంగళూరు పెంకుల సందుల్లోంచి వేడిగాలి బయటికి పోతుంది, వాన చప్పుడూ మెత్తగా వినిపిస్తుంది. పగిలినవాటిని మార్చుకుంటూ ఉంటే 50 ఏళ్లు దాటినా నిలుస్తాయి. చాలాసార్లు ముందు చెడేది కింది వాసాలే. ఇనుప రేకుకు తుప్పు తరచుగా స్క్రూ రంధ్రాల దగ్గరే మొదలవుతుంది. అక్కడి రబ్బరు వాషర్లు ఎండకు పగిలాయేమో ఏటా మృగశిర కార్తెకు ముందే చూసుకోవాలి.