ఐదున్నర గంటల తేడా

కోరుట్లలో ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె ఉందనుకుందాం. ముక్కూ మొహం తెలియని ఇన్‌స్టాగ్రామ్ ఖాతా నుంచి ఆమెకు రాత్రిళ్లు మెసేజ్‌లు వస్తున్నాయి. వద్దని రాసినా ఆగలేదు. ఆమె రాసిన ఆ "వద్దు" చాలా విలువైనది. స్త్రీ తనకిష్టం లేదని స్పష్టం చేశాక కూడా పదేపదే వెంటపడటాన్ని భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ నేరమంటుంది. ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టినా ఇదే సెక్షన్. మొదటిసారి మూడేళ్ల దాకా జైలు, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా. పేరు దాచుకుని బెదిరిస్తే 351 కూడా కలుస్తుంది. అమ్మాయి పాస్‌వర్డ్ దొంగిలించి వాడితే ఐటీ చట్టం 66సీ వస్తుంది. ఆ చట్టం చేరిందంటే దర్యాప్తు ఎస్సైతో సరిపోదు, ఇన్‌స్పెక్టరు చేయాలి.

షీటీంకో ఠాణాకో వెళ్లేముందు ఆమె తీసుకెళ్లాల్సింది స్క్రీన్‌షాట్ ఒక్కటే కాదు, ఆ ప్రొఫైల్ లింకు కూడా. పైకి కనిపించే పేరును ఎవరైనా నిమిషంలో మార్చేయగలరు. ఫోన్లో అసలు మెసేజ్‌లు చెరపకుండా ఉంచాలి. కోర్టులో వాటికి సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి.

పోలీసులు మొదట ఆ ఖాతా వివరాలు చెరిగిపోకుండా భద్రపరచమని కంపెనీని కోరతారు. తర్వాత నాగరిక్ సురక్షా సంహిత 94 కింద నోటీసు పంపుతారు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం కంపెనీ 72 గంటల్లో సమాచారం ఇవ్వాలి. వచ్చేది నేరస్థుడి పేరు కాదు. నమోదు చేసిన ఫోన్ నంబరు, ఈమెయిలు, లాగిన్ అయిన ఐపీ చిరునామాలు, సమయాలు, అంతే. వాట్సాప్ అయితే సంభాషణ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, కంపెనీ కూడా చదవలేదు. అందుకే బాధితురాలి ఫోనే ప్రధాన సాక్ష్యం.

అసలు పొరపాటు జరిగేది కంపెనీ పంపిన సమయాలను చదవడంలోనే. జవాబులో ఇలా ఉందనుకోండి:

```
2025-03-14 17:42:08 UTC
```

దాన్ని సాయంత్రం 5:42 అని చదివితే తప్పు. మన సమయానికి ఐదున్నర గంటలు కలపాలి. అప్పుడది రాత్రి 11:12. మొబైల్ నెట్‌వర్కులో ఒకే ఐపీ చిరునామాను వందల మంది పంచుకుంటారు, నిమిషాల్లో చేతులు మారుతుంది. గంట తప్పితే సంబంధం లేని మనిషి తలుపు తడతారు. సమయం సరిగ్గా ఉన్నా పోర్టు నంబరు లేకపోతే ఆ వందల మందిలో ఒకడిని టెలికాం సంస్థ వేరుచేయలేకపోవచ్చు. అలా తేలిన సిమ్ కూడా దాని యజమానిని చూపుతుంది గానీ మెసేజ్ కొట్టిన వేళ్లను చూపదు. ఆ ఫోన్ స్వాధీనం చేసుకుని, అందులో అదే ఖాతా తెరిచిన ఆనవాళ్లు వెతకాలి.

జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్‌కు ఎవరూ వెళ్లని ఊరు అరుదు. ఐపీ దుబాయిదని తేలితే అక్కడి టెలికాం సంస్థకు మన సీఐ నోటీసు చెల్లదు. రెండు దేశాల మధ్య న్యాయ సహకార అభ్యర్థన ఢిల్లీ మీదుగా వెళ్లి రావాలి, అందుకు నెలలు పడతాయి. అలాంటి కేసుల్లో కూడా ఖాతాకు జోడించిన భారతీయ నంబరు ఒక్కటి దొరికితే చాలు, దారి మళ్లీ మన ఊరికే వస్తుంది.