నిలువు వరస నుంచి అడ్డు వరసకు: నార్మలైజేషన్ దారి మారిన కథ

2015 ఫిబ్రవరిలో గూగుల్‌లో పనిచేస్తున్న సెర్గీ ఐయోఫ్, క్రిస్టియన్ సెగెడీ ఒక పరిశోధన పత్రం బయటపెట్టారు. బొమ్మలను గుర్తుపట్టే న్యూరల్ నెట్‌వర్క్ ఒకటి అప్పటిదాకా అందుకుంటున్న కచ్చితత్వాన్ని, శిక్షణలో పద్నాలుగో వంతు అడుగులతోనే అందుకోవచ్చని అందులో చూపించారు. దానికి వాళ్లు వాడిన ఉపాయం బ్యాచ్ నార్మలైజేషన్.

నెట్‌వర్క్ అంటే పొర మీద పొర. కింది పొర ఇచ్చే అంకెలే పై పొరకు ముడిసరుకు. శిక్షణలో ప్రతి అడుగుకూ కింది పొరలు మారుతుంటాయి కాబట్టి పై పొరకు చేరే అంకెలు ఒకసారి చిన్నవిగా, ఒకసారి పెద్దవిగా వస్తాయి. పై పొర ఒక తీరుకు అలవాటు పడేలోపే తీరు మారిపోతుంది. దీన్ని అదుపు చేయడానికి ఐయోఫ్, సెగెడీ చేసిన పని చెప్పుకోవడానికి చాలా సులువు. ఒక విడతలో, అంటే బ్యాచ్‌లో, 32 బొమ్మలు పంపామనుకుందాం. ఒక్కో లక్షణానికి ఆ 32 బొమ్మల్లో వచ్చిన విలువలన్నీ తీసుకుని సగటు కట్టి, ప్రతి విలువ నుంచి ఆ సగటు తీసేసి, మిగిలినదాన్ని ప్రామాణిక విచలనంతో భాగించాలి. తర్వాత నెట్‌వర్క్ తనకు కావలసినట్టు మళ్లీ సాగదీసుకోవడానికి, జరుపుకోవడానికి లక్షణానికి రెండేసి అంకెలు ఇస్తారు. వాటిని శిక్షణలో అదే నేర్చుకుంటుంది.

ఇది ఎందుకు పనిచేస్తోందో ఆ పత్రం చెప్పిన కారణాన్ని 2018లో ఎంఐటీ పరిశోధకులు ప్రశ్నించారు. అంకెల తీరు కుదురుకోవడం అసలు కారణం కాదని, తప్పు తగ్గించుకునే దారి నున్నగా మారడమే మేలు చేస్తోందని వాళ్ల వాదన. కారణం ఏదైనా, బొమ్మల రంగంలో ఈ పద్ధతి పాతుకుపోయింది.

భాష దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిక్కు మొదలైంది. అది ఎక్కడుందో తెలియాలంటే ఒక చిన్న లెక్క చేసి చూడాలి. ‘అమ్మ అన్నం పెట్టింది’ అనే వాక్యంలో ‘అన్నం’ అనే టోకెన్‌కు నెట్‌వర్క్ లోపల నాలుగు అంకెలు ఉన్నాయనుకుందాం: 2, 4, 6, 8. నిజమైన మోడల్లో ఇవి వందల్లో, వేలల్లో ఉంటాయి. లెక్క మాత్రం ఇదే. టోకెన్‌కు ఒక అడ్డు వరస, లక్షణానికి ఒక నిలువు వరస చొప్పున పట్టిక గీస్తే, బ్యాచ్ నార్మలైజేషన్ నిలువు వరసలో సగటు కడుతుంది. మొదటి నిలువు వరసలో మన 2తో పాటు మరో రెండు టోకెన్ల నుంచి 4, 12 వచ్చాయనుకోండి. సగటు 6, ప్రామాణిక విచలనం సుమారు 4.32. మన 2 కాస్తా -0.93 అవుతుంది.

ఇప్పుడు అదే వాక్యం వేరే బ్యాచ్‌లో పడింది. ఈసారి పక్కన వచ్చినవి 1, 0. సగటు 1, విచలనం 0.82. అదే 2 ఇప్పుడు +1.22. ‘అన్నం’ మారలేదు, దాని వాక్యమూ మారలేదు. అయినా ఏ సంబంధమూ లేని వాక్యాలు పక్కన చేరినందుకు రుణం ధనమైపోయింది. ఫొటోల్లో ఒక్కో బొమ్మ నుంచి వేల పిక్సెళ్ల విలువలు ఒకే నిలువు వరసలో చేరతాయి కాబట్టి బ్యాచ్ బ్యాచ్‌కూ సగటు పెద్దగా కదలదు. వాక్యాల్లో అలా కాదు. ఒకటి నాలుగు పదాలది, ఇంకొకటి నలభై పదాలది. పొట్టివాటిని పొడుగువాటితో సమానం చేయడానికి చివర ఖాళీ టోకెన్లు అతికిస్తారు. వాటిని జాగ్రత్తగా పక్కన పెట్టకపోతే అవీ సగటులో కలిసిపోతాయి.

టొరంటో విశ్వవిద్యాలయంలో జిమ్మీ బా, జేమీ కైరోస్, జెఫ్రీ హింటన్ 2016లో ఈ పట్టికను అడ్డంగా చదివారు. ఒక టోకెన్ సగటును ఆ టోకెన్ సొంత అంకెల్లోంచే కట్టాలన్నారు. మన 2, 4, 6, 8 సగటు 5, విచలనం 2.24. ఫలితం -1.34, -0.45, 0.45, 1.34. పక్కన ఎవరున్నా, ఎవరూ లేకపోయినా ఇదే వస్తుంది. దీనికి వాళ్లు పెట్టిన పేరు లేయర్ నార్మలైజేషన్. అప్పట్లో వాళ్ల దృష్టి ట్రాన్స్‌ఫార్మర్ మీద లేదు, అది ఇంకా పుట్టలేదు. వాక్యాన్ని పదం తర్వాత పదంగా చదివే రికరెంట్ నెట్‌వర్క్‌ల కోసం దీన్ని తయారుచేశారు.

తేడాను కళ్లారా చూడాలంటే పైటార్చ్‌లో నాలుగు వరసలు చాలు.

```python
import torch, torch.nn as nn
x = torch.tensor([[2., 4., 6., 8.]])
print(nn.LayerNorm(4)(x))
print(nn.BatchNorm1d(4)(x))
```

మూడో వరస పైన చెప్పిన అంకెలే ఇస్తుంది. నాలుగోది `ValueError: Expected more than 1 value per channel when training` అని ఆగిపోతుంది. ఒక్క విలువకు సగటు అదే విలువ, తీసేస్తే మిగిలేది సున్నా. నేర్చుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి లైబ్రరీ ముందే అడ్డుపడుతుంది.

మరి శిక్షణ పూర్తయ్యాక, ఒక్క వాక్యమే వస్తే? బ్యాచ్ నార్మలైజేషన్ దీనికోసం శిక్షణలోనే సగటులను పోగుచేసి పెట్టుకుని, తర్వాత వాటితో పని నడుపుతుంది. శిక్షణలో ఒక లెక్క, వాడకంలో ఇంకొక లెక్క అన్నమాట. రెండూ దగ్గరగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. భాషలో అవి దగ్గరగా ఉండవని 2020లో బర్క్‌లీ పరిశోధకులు కొలిచి చూపించారు. ట్రాన్స్‌ఫార్మర్‌లో బ్యాచ్ సగటులు పోగైన సగటు నుంచి శిక్షణ పొడవునా దూరదూరంగా ఊగుతూనే ఉన్నాయి, అనువాదంలో ఫలితాలూ లేయర్ నార్మలైజేషన్ కన్నా తగ్గాయి. శిక్షణలో తప్పు చక్కగా తగ్గుతూ, `model.eval()` అన్న మరుక్షణం ఫలితం పడిపోతే ముందు అనుమానించాల్సింది ఈ పోగైన సగటులనే.

వాక్యాలు రాసే మోడల్‌కు ఇంకో ప్రమాదం కూడా ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా అనిపించేది ఇదే. అలాంటి మోడల్ తర్వాతి పదాన్ని ఊహించడం నేర్చుకుంటుంది. ముందు రాబోయే పదాలు కనిపించకుండా శిక్షణలో వాటికి ముసుగు వేస్తారు. వాక్యంలోని టోకెన్లన్నిటినీ కలిపి నిలువు సగటు కడితే, ఆ సగటులో రాబోయే పదాల అంకెలూ ఉంటాయి. ముసుగు వేసి దాచినది సగటు గుండా లీకవుతుంది. రాసేటప్పుడు ఆ పదాలు ఇంకా పుట్టనే లేదు, ఆ సాయం అందదు. అడ్డు సగటులో ఈ లీకుకు తావే లేదు.

2017లో ట్రాన్స్‌ఫార్మర్‌ను ప్రతిపాదించిన పత్రంలో ప్రతి ఉపపొర తర్వాతా, 512 అంకెల వరస మీద లేయర్ నార్మలైజేషనే ఉంది. దాన్ని పెట్టిన చోటు మాత్రం తర్వాత మారింది. మొదటి రూపంలో శిక్షణ ఆరంభంలో వేగం పెంచితే మోడల్ చెదిరిపోయేది. అందుకే ఆ పత్రంలో మొదటి 4,000 అడుగుల పాటు వేగాన్ని మెల్లగా పెంచుకుంటూ పోయారు. 2019లో జీపీటీ-2 నార్మలైజేషన్‌ను ప్రతి ఉపపొరకూ ముందుకు జరిపింది. అలా జరిపితే ఆరంభంలో ఆ నెమ్మది అంత అవసరం పడదని మరుసటి ఏడాది ఇంకొక బృందం వివరించింది.

ఇంతమాత్రాన బ్యాచ్ నార్మలైజేషన్ పాతబడిందని అనుకోకూడదు. కన్వల్యూషన్ నెట్‌వర్క్‌లలో అదే మెరుగని లేయర్ నార్మలైజేషన్ పత్రమే ఒప్పుకుంది. పైగా శిక్షణ ముగిశాక దాని అంకెలు స్థిరం కాబట్టి వాటిని కన్వల్యూషన్ బరువుల్లోనే కలిపేయవచ్చు. ఇక వాడకంలో దానికంటూ విడిగా ఖర్చే ఉండదు. లేయర్ నార్మలైజేషన్‌కు ఆ సౌకర్యం లేదు, ప్రతి టోకెన్‌కూ సగటు, విచలనం కొత్తగా కట్టాల్సిందే. బొమ్మలు, కన్వల్యూషన్, బ్యాచ్‌కు పదుల్లో నమూనాలు ఉన్నవాళ్లు నిలువు వరసనే నమ్ముకోవచ్చు.

లేయర్ నార్మలైజేషన్‌కయ్యే ఆ ఖర్చు తగ్గించడానికే 2019లో బియావ్ జాంగ్, రికో సెన్రిచ్ సగటు తీసివేసే మెట్టును వదిలేసి, అంకెల వర్గాల సగటుకు వర్గమూలం కట్టి దానితో భాగిస్తే సరిపోతుందని చూపించారు. దాని పేరు ఆర్ఎంఎస్ నార్మ్. 2023లో మెటా విడుదల చేసిన లామాలో ఉన్నది అదే, అదీ అడ్డు వరస మీదే లెక్క కడుతుంది.