మీకు తెలుసా? సుత్తి దెబ్బకు వచ్చే ప్రతిధ్వని పైల్ లోపాన్ని పట్టిస్తుంది

భూమిలో రంధ్రం తొలిచి కాంక్రీటు నింపిన పైల్ లోపల ఎలా ఉందో కంటికి కనిపించదు కనుక, దాని తలపై ఉన్న బలహీనమైన పొరను చెక్కివేసి, గట్టి కాంక్రీటుపై త్వరణాన్ని కొలిచే చిన్న పరికరాన్ని మైనంతో అతికించి, చేతి సుత్తితో తేలికగా కొడతారు. ఆ దెబ్బకు పుట్టిన ఒత్తిడి తరంగం సెకనుకు సుమారు 4,000 మీటర్ల వేగంతో దిగి, అడుగును తాకి తిరిగి వస్తుంది. అంటే 20 మీటర్ల పైల్‌లో రానుపోను 10 మిల్లీసెకన్లు పట్టాలి.

ప్రతిధ్వని 6 మిల్లీసెకన్లకే వస్తే 12 మీటర్ల లోతున ఏదో మారిందని అర్థం. అది తెరపై సుత్తి దెబ్బ లేచిన వైపే లేస్తే అక్కడ పైల్ మెడలా సన్నబడిందనో, పగిలిందనో, ఎదురు వైపు కదిలితే ఉబ్బిందనో భావిస్తారు. అయితే 20 మీటర్ల ప్రతిధ్వని అసలు లేకుండా 12 మీటర్లదే బలంగా కనిపించినప్పుడు, పైల్ అక్కడ పూర్తిగా తెగిందో, అంతవరకే పోశారో ఆ గీత ఒక్కటే తేల్చలేదు, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ తరంగం అక్కడి నుంచే వెనుదిరుగుతుంది. అప్పుడు రంధ్రపు లోతునూ, పోసిన కాంక్రీటు పరిమాణాన్నీ నమోదు చేసిన పుస్తకాన్ని తప్పక సరిచూడాలి. పైల్ పొడవు వ్యాసానికి సుమారు 30 రెట్లు దాటితే, తరంగశక్తి చుట్టూ ఉన్న మట్టిలోకి జారిపోయి అడుగు ప్రతిధ్వని వినిపించకపోవచ్చు.