డేటా బయల్దేరిన చోటే బిల్లు

క్లౌడ్‌లోకి డేటా పంపితే సాధారణంగా పైసా అడగరు. బయటికి తీస్తేనే మీటరు తిరుగుతుంది. అమెజాన్ క్లౌడ్‌లో ఈ ధర డేటా ఎక్కడికి చేరుతుందన్న దానికంటే ఎక్కడి నుంచి బయల్దేరిందన్న దాన్నిబట్టే ఎక్కువగా మారుతుంది. ప్రకటించిన రేట్ల ప్రకారం వర్జీనియా నుంచి ముంబైకి ఒక జీబీ పంపితే 2 సెంట్లు. అదే జీబీ ముంబై నుంచి వర్జీనియాకు వెళితే 8.6 సెంట్లు. దారి ఒకటే, ఖర్చు నాలుగు రెట్లకు పైనే.

ఉదాహరణకు వీడియో పాఠాల యాప్ ఒకటి ముంబై సర్వర్లలో నడుస్తోందనుకుందాం. విశ్లేషణ చేసే బృందం అమెరికాలో ఉంది కాబట్టి రోజూ 200 జీబీ లాగ్‌లను వర్జీనియాకు కాపీ చేస్తున్నారు. నెలకు 6,000 జీబీ, అంటే 516 డాలర్లు. ఆ బృందానికి నిజంగా కావలసింది ఏ పాఠాన్ని ఎంతమంది చూశారు, ఎక్కడ ఆపేశారు అనే లెక్కలే. ఆ లెక్కలు ముంబైలోనే కట్టి, రోజుకు 2 జీబీ సారాంశం మాత్రం పంపితే రవాణా ఖర్చు 5 డాలర్ల చిల్లరకు దిగుతుంది. ముంబైలో లెక్క కట్టడానికయ్యే సర్వర్ ఖర్చును దీనికి కలిపి చూడాలి. ముడి లాగ్‌లు విపత్తు రక్షణ కోసం మరో రీజియన్‌లో ఉండి తీరాలంటే మాత్రం ఈ పొదుపు కుదరదు. అప్పుడు కుదించి పంపడమే మార్గం.

ఇక విద్యార్థుల ఫోన్లకు వెళ్లే వీడియో. ముంబై నుంచి ఇంటర్నెట్‌లోకి జీబీకి దాదాపు 11 సెంట్లు. సీడీఎన్ పెడితే బిల్లు సగమవుతుందని చాలామంది నమ్ముతారు. కానీ క్లౌడ్‌ఫ్రంట్ సాధారణ రేటు కూడా మన దేశంలో దాదాపు అంతే. నెలకు 1 టీబీ ఉచితం, స్టోరేజీ నుంచి సీడీఎన్‌కు వెళ్లే డేటాకు ఛార్జీ లేదు, లాభం అక్కడే. అందుకే నా దృష్టిలో అసలు పొదుపు తక్కువ బైట్లు పంపడంలో ఉంది. చిన్న తెరకు 480పీ చాలు. ఇక మారని ఫైళ్లకు ఈ హెడర్ పెట్టాలి:

```
Cache-Control: public, max-age=31536000, immutable
```

ఒకసారి దిగిన లోగోను, ఫాంట్‌ను బ్రౌజర్ ఏడాదిదాకా మళ్లీ అడగకపోవచ్చు. అయితే ఫైలు మారినప్పుడల్లా దాని పేరూ మార్చాలి. లేకుంటే జనం పాతదే చూస్తుంటారు.

డబ్బు ఎటు పోతోందో కాస్ట్ ఎక్స్‌ప్లోరర్‌లో Usage type వారీగా చూస్తే తెలుస్తుంది. `APS3-DataTransfer-Out-Bytes` పెరిగితే ముంబై నుంచి ఇంటర్నెట్‌కు పోతున్నట్టు. `APS3-USE1-AWS-Out-Bytes` పెరిగితే ముంబై నుంచి వర్జీనియాకు ఎవరో ఏదో కాపీ చేస్తున్నట్టు. రెండో వరుస రోజూ ఒకే ఎత్తులో కనిపిస్తే, ముందుగా రాత్రిపూట నడిచే కాపీ పనులను వెతకాలి.